18 గంటల ప్లాన్ కూలిపోయింది, నాలుగున్నర గంటలది నిలబడింది: ఉద్యోగం చేస్తూ మెషిన్ లెర్నింగ్ లెక్కలు నేర్చుకున్న ఒకరి కేసు

ఈ కేసులోని మనిషి మా ఆఫీసులో నాకంటే జూనియర్. వయసు 33, బ్యాకెండ్ ఇంజనీరు. అయిదు వారాలకోసారి ఆన్‌కాల్ డ్యూటీ పడుతుంది. ఆ వారం సర్వర్ ఏ అర్ధరాత్రి మొరాయించినా లేచి చూసుకోవాల్సింది అతనే. నన్ను అక్కా అంటాడు. నేను చాలా ఏళ్లుగా మోడల్స్ తయారు చేసే టీమ్‌లో ఉన్నాను. ఒకరోజు వచ్చి, "లైబ్రరీ పిలిచి మోడల్ ట్రెయిన్ చేయడం వచ్చక్కా. లోపల ఏం జరుగుతోందో మాత్రం తెలీడం లేదు. లెక్కలు నేర్చుకోవాలి, ఏవేవి చదవమంటావ్?" అని అడిగాడు.

నేను ఒక జాబితా రాసిచ్చాను. లీనియర్ ఆల్జీబ్రా, తర్వాత కాలిక్యులస్, తర్వాత ప్రాబబిలిటీ, చివర ఆప్టిమైజేషన్. ఈ కేసులో మొదటి తప్పు ఆ జాబితానే, అది చేసింది నేను. మిగతా కథంతా అతని గురించే కాబట్టి ఈ మాట ముందే చెప్పేయడం న్యాయం. రాయడానికి అతను ఒప్పుకున్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

మొదటి ఆరు వారాలు

అతని ప్లాన్ ఇది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర వరకు, శని ఆదివారాల్లో రోజుకు నాలుగు గంటలు. మొత్తం వారానికి 18 గంటలు. ఒక షీట్‌లో గంటలు రాసుకునేవాడు. మొదటి వారం 17, రెండో వారం 15, మూడో వారం 11. నాలుగో వారం ఆన్‌కాల్ పడింది, 3 గంటలే కుదిరాయి. అయిదో వారం 9, ఆరో వారం 10.

ఈ అంకెల్లో నాకు తప్పేమీ కనబడలేదు. ఉద్యోగం చేసే మనిషికి వారానికి పది గంటలంటే తక్కువేం కాదు. అసలు చిక్కు షీట్‌లో చివరి కాలమ్‌లో ఉంది. ఆ కాలమ్ పేరు "బాకీ". ఏ వారం ఎన్ని గంటలు తగ్గితే అవన్నీ కింది వారానికి కలుపుకుంటూ వచ్చాడు. ఆరో వారం చివరికి బాకీ 43 గంటలైంది. చదివింది 65 గంటలు, అందులో మూడింట రెండొంతుల అప్పు! అంటే చదువుకుందామని కూర్చున్న ప్రతిసారీ ముందు కనబడేది ఆ 43. అప్పులవాడు గుమ్మంలో కూర్చుని ఉంటే ఇంట్లో కూర్చుని లెక్క చేయడం ఎవరి తరం?

ఆరో వారంలో నా దగ్గరికి వచ్చినప్పుడు చదువు గురించి మాట్లాడలేదు. ఆ రోజు ఆఫీసులో జరిగింది చెప్పాడు. టెస్ట్ సర్వర్‌లో చేయాల్సిన మార్పు అసలు సర్వర్‌లో చేసేశాడు. ఇరవై నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు, పెద్ద నష్టం జరగలేదు. "స్క్రీన్ మీద పేరు కనిపిస్తూనే ఉందక్కా, చదివాను కూడా. చదివి, ఎంటర్ కొట్టాను" అన్నాడు. దాని కంటే ముందే ఇంకొన్ని మార్పులొచ్చాయి, అడిగితే బయటపడ్డాయి. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ. సహోద్యోగి కోడ్‌ని పూర్తిగా చూడకుండానే "బాగుంది" అని పంపేయడం. ఆదివారం సాయంత్రం అయిదయ్యేసరికి కారణం తెలియని టెన్షన్.

నాకు ఇంకో లక్షణం కూడా కనబడింది, అతను దాన్ని లక్షణం అనుకోలేదు. ఆరు వారాల్లో మూడు కోర్సులు మార్చాడు. ప్రతి కోర్సులోనూ మొదటి నాలుగు పాఠాలు చూశాడు. ఒక మ్యాట్రిక్స్ తన ప్రత్యేక దిక్కుల్లో ఎన్ని రెట్లు సాగదీస్తుందో చెప్పే ఐగెన్ వాల్యూల పాఠమైతే ముగ్గురు వేర్వేరు టీచర్ల దగ్గర, ఒకటిన్నర స్పీడ్‌లో చూశాడు. రాత్రి పదిన్నరకి అలసిపోయిన బుర్రకి కొత్త పాఠం మొదలుపెట్టడం హాయిగా ఉంటుంది, ఎందుకంటే మొదటి పాఠాలన్నీ తెలిసినవే. పెన్ను పట్టుకుని ఇరుక్కుపోయిన చోటే కూర్చోవడం హాయిగా ఉండదు. షీట్‌లో మాత్రం రెండూ రెండేసి గంటలే.

తెల్ల కాగితం

ఆ రోజు ఒక పరీక్ష పెట్టాను. తెల్ల కాగితం ఇచ్చి ఇలా అన్నాను. "మూడు బిందువులు. x విలువలు 1, 2, 3. y విలువలు 2, 3, 5. వాటికి దగ్గరగా ఒక గీత గీయాలి. లాస్ అంటే ఎర్రర్ల స్క్వేర్ల సగటు. దాని గ్రేడియంట్ రాయి. ఏమీ చూడకుండా, ఎంతసేపైనా తీసుకో."

గీత ఎంత ఎత్తులో, ఎంత వాలులో ఉండాలో చెప్పే రెండు సంఖ్యలే వెయిట్లు, వాటినే w అంటాం. ఒక్కో వెయిట్‌ని కొంచెం కదిపితే లాస్ ఎంత మారుతుందో చెప్పేది గ్రేడియంట్. లాస్ సరిగ్గానే రాశాడు. గ్రేడియంట్ దగ్గర కాసేపు ఆగి `X(Xw − y)` అని రాశాడు. మ్యాట్రిక్స్‌ల సైజులు పక్కన వేయమన్నాను. X మూడు వరుసలు రెండు నిలువులు, ఒక నిలువులో అన్నీ 1లు, రెండోదాంట్లో x విలువలు. ఎర్రర్ మూడు వరుసలు ఒక నిలువు. ఈ రెండూ గుణించడానికే కుదరవు. చూసి నవ్వాడు, కానీ అది బాగున్న నవ్వు కాదు. "ట్రాన్స్‌పోజ్ రావాలి కదక్కా. ఎక్కడో చూశాను. ఎందుకొస్తుందో తెలీదు" అన్నాడు.

65 గంటల తర్వాత పరిస్థితి అది. ఇది తెలివి తక్కువై జరిగింది కాదు. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, ఇంకొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారైంది, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మావాడి షీట్ మొత్తం మొదటి రకం గంటలే. పాఠం అయిన వెంటనే "అర్థమైంది" అనిపించేది, అది నిజమే. వారానికి ఆవిరైపోయేది, అదీ నిజమే.

తొమ్మిది రోజులు ఏమీ చదవకుండా

ముందు ఆపేయమన్నాను. తొమ్మిది రోజులు, పూర్తిగా. ఒప్పుకోలేదు. "ఇప్పటికే 43 గంటలు వెనకబడ్డాను, ఇంకా ఆపితే ఎలా?" అన్నాడు. ఆ షీట్ తెరిపించి బాకీ కాలమ్ నా ఎదురుగానే డిలీట్ చేయించాను. కాస్త నాటకీయంగా ఉంది గానీ, పనిచేసింది.

ఆపడం విశ్రాంతి కోసమే కాదు, రోగ నిర్ధారణ కోసం కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో, అంటే ఐసీడీ-11లో, బర్నౌట్‌ని జబ్బుగా కాక ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా చెప్పారు. అదుపు చేయలేకపోయిన పని ఒత్తిడి దీర్ఘకాలం సాగితే వచ్చేది అని నిర్వచనం. అందులో మూడు పాయలుంటాయి: శక్తి అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం లేదా ఏవగింపు, పనిలో సత్తా తగ్గిందనిపించడం. మావాడి విషయంలో అలసటకి మూలం ఉద్యోగమా, దాని మీద ఎక్కించిన రెండో షిఫ్టా అన్నది నాకు తెలియాలి. రెండూ కలిసి ఉన్నంతసేపు తేల్చలేం. చేతిలో ఉన్నది చదువు ఒక్కటే కాబట్టి దాన్ని తీసేసి చూశాం.

నాలుగో రోజు నుంచి తెల్లవారుజాము మెలకువ పోయింది. ఆరో రోజు ఒక కోడ్ రివ్యూలో పన్నెండు ప్రశ్నలు రాశాడు, అవతలివాళ్లు కాస్త విసుక్కున్నారట. ఆఫీసు పని అంతే ఉంది, తీసేసింది చదువొక్కటే, మనిషి మామూలైపోయాడు. ఉద్యోగం ఒక్కటైతే మోయగలడు, ఆ తర్వాత ఆ రెండు గంటలే మోయలేకపోయాడు. అప్పటికి నా నిర్ధారణ అది.

కొత్త ప్లాన్

సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం ఆఫీసు పని మొదలెట్టక ముందు 50 నిమిషాలు. శనివారం ఉదయం రెండు గంటలు. మొత్తం నాలుగున్నర గంటలు. రాత్రిపూట లెక్క ముట్టుకోకూడదు. ఆదివారం సెలవు. ఆన్‌కాల్ వారంలో కొత్తదేదీ లేదు, ఏదో ఒక రోజు పదిహేను నిమిషాలు తెల్ల కాగితం మీద పాతది రాయడం, అంతే. తప్పిపోయిన పూట తప్పిపోయినట్టే, తర్వాతి వారానికి కలపకూడదు.

ప్రతి పూటా చివరి రెండు నిమిషాల్లో కాగితం అడుగున "తర్వాతి గీత" అని రాసి, మళ్లీ కూర్చున్నప్పుడు మొట్టమొదట ఏం రాయాలో ఒక్క వాక్యంలో పెట్టాలి. ఇది నా పాత అలవాటు. 50 నిమిషాల్లో "ఎక్కడున్నాం" అని వెతుక్కోవడానికే పది నిమిషాలు పోతే మిగిలేది నలభై. "తర్వాతి గీత: రెండో వెయిట్‌కి డెరివేటివ్, మూడు వరుసలూ విడివిడిగా" అని ఉంటే పెన్ను మూత తీయగానే పని మొదలవుతుంది. అందుకే లెక్కని అయ్యేదాకా లాగకుండా, తర్వాతి అడుగు తెలిసినచోట ఆపమన్నాను. అన్నిటికన్నా అతనికి కష్టమైంది ఇదే.

షీట్‌లో గంటల కాలమ్ తీసేశాం. బదులుగా రెండే పెట్టాం. ఒకటి, తెల్ల కాగితం మీద వచ్చిందా: వచ్చింది, సగం, రాలేదు. రెండోది, కూర్చోవడానికి ఎంత బద్ధకం వేసింది: 0 నుంచి 3. వరసగా రెండు పూటలు 3 పడితే మూడో పూట సెలవు.

పాఠ్యక్రమం కూడా మార్చాం. నా జాబితా చింపేసి ఆ మూడు బిందువుల లెక్కే సిలబస్ అన్నాను. దానికి ఏ గణితం అవసరమైతే అది, అవసరమైనప్పుడు. ఇలా చేస్తే ఖాళీలు మిగులుతాయి, నాకు తెలుసు. పరిశోధన చేయాలనుకునేవాళ్లకి ఈ దారి చెప్పను. కానీ వారానికి నాలుగున్నర గంటలతో లీనియర్ ఆల్జీబ్రా మొత్తం పూర్తి చేసి ఆ తర్వాత కాలిక్యులస్ మొదలుపెట్టేసరికి మొదట చదివింది మిగలదు.

ట్రాన్స్‌పోజ్ ఎక్కడి నుంచి వచ్చింది

కొత్త ప్లాన్ రెండో వారానికే ఆన్‌కాల్ పడింది. పదిహేను నిమిషాల కాగితం ఒకటి రాశాడు, మిగతాది వదిలేశాడు. బాకీ లేదు కాబట్టి మూడో వారం సోమవారం బద్ధకం కాలమ్‌లో 1 పడింది. పాత ప్లాన్‌లో ఆన్‌కాల్ తర్వాతి సోమవారం ఎలా ఉండేదని అడిగితే, "ఆ రోజు చదివినట్టే గుర్తు లేదక్కా" అన్నాడు.

మూడో వారమంతా మ్యాట్రిక్స్ ఊసే లేకుండా రాయించాను. గీత `w0 + w1·x`. మొదట్లో `w0 = 0`, `w1 = 1` అనుకుందాం. అంచనాలు 1, 2, 3. అసలు విలువలు 2, 3, 5. ఎర్రర్లు −1, −1, −2. స్క్వేర్లు 1, 1, 4, సగటు 2. ఇప్పుడు `w1`ని కొంచెం కదిపితే లాస్ ఎంత మారుతుంది? మొదటి వరుసలో ఎర్రర్‌కి రెండింతలు, ఇంటు ఆ వరుసలోని x. అలాగే రెండోది, మూడోది. కలిపితే `2(−1·1 − 1·2 − 2·3) = −18`, మూడుతో భాగిస్తే −6. `w0`కి x బదులు అన్నిచోట్లా 1 ఉంటుంది కాబట్టి `2(−4)/3`, అంటే −2.667.

శుక్రవారం ఉదయం ఫోటో పంపాడు. రెండు లెక్కలూ పక్కపక్కనే రాసి, x విలువల చుట్టూ నిలువుగా ఒక సున్నా చుట్టాడు. కింద రాసింది: "ఒక్కో వెయిట్‌కి X లోని ఒక నిలువు మొత్తం ఎర్రర్లతో గుణించి కూడుతున్నాం. నిలువుని అడ్డంగా పడుకోబెడితేనే గుణకారం కుదురుతుంది. ట్రాన్స్‌పోజ్ అంటే ఇదేనా?" ఇదే. `(2/n) Xᵀ(Xw − y)` అన్న సూత్రంలో ఆ చిన్న T గుర్తు చేసే పని అంతే. దీన్ని అతను అంతకు ముందు మూడు వీడియోల్లో చూశాడు.

రాత్రి పన్నెండింటి సున్నాలు

నాలుగో వారంలో చేత్తో కట్టిన గ్రేడియంట్‌ని కంప్యూటర్‌తో సరిచూసుకోమన్నాను. వెయిట్‌ని `h` అంత ముందుకి, `h` అంత వెనక్కి కదిపి, లాస్‌లో తేడాని `2h`తో భాగించాలి.

```python
import numpy as np
X = np.array([[1,1],[1,2],[1,3]], dtype=float)
y = np.array([2,3,5], dtype=float)
w = np.array([0.0, 1.0])

def loss(w):
    return np.mean((X @ w - y)**2)

g = 2/3 * X.T @ (X @ w - y)
h = 1e-5
num = np.array([(loss(w + h*e) - loss(w - h*e)) / (2*h)
                for e in np.eye(2)])
print(g, num)
```

బుధవారం ఉదయం సగం రాశాడు. "దాదాపు అయిపోయింది కదా" అనుకుని ఆ రాత్రి పదింపావుకి లాప్‌టాప్ తెరిచాడు. డెరివేటివ్ అంటే `h` సున్నాకి దగ్గరవ్వాలి కదా, ఎంత చిన్నదైతే అంత మంచిదని `h = 1e-17` పెట్టాడు. చేత్తో కట్టినవి −2.667, −6. కంప్యూటర్ చూపించింది 0, 0. తన గ్రేడియంటే తప్పనుకున్నాడు. శుక్రవారం చేసిన లెక్క మొత్తం మళ్లీ చేశాడు, అదే జవాబు. సూత్రంలో మైనస్ తీసి చూశాడు, పెట్టి చూశాడు. పన్నెండు దాటాక నాకు మెసేజ్ పెట్టాడు: "మూడు వారాలు చేసిందంతా తప్పేమో అక్కా."

పొద్దున చూసి ఒక్క ప్రశ్న వేశాను. "h ఎంత పెట్టావ్?" అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది: "ఛ!" కంప్యూటర్ మామూలు దశాంశ సంఖ్యలో నిలిచేవి దాదాపు 16 అంకెలే. 1కి `1e-17` కలిపితే వచ్చేది 1. వెయిట్ కదిపాననుకున్నాడు గానీ అంచనా కదల్లేదు, లాస్ కదల్లేదు, తేడా సున్నా. `1e-5` పెట్టగానే రెండు జతలూ కలిశాయి. అతను రోజంతా సర్వర్లతో పనిచేసే మనిషి, ఇలాంటి సంగతులు నాకంటే బాగా తెలుసు. తెలిసింది తట్టకపోవడానికి కారణం గడియారమే.

ఆ రాత్రి పోయిన రెండు గంటల కంటే ఆ మెసేజే నన్ను ఎక్కువ కంగారుపెట్టింది. అలసిన బుర్ర తప్పు చేయడం ఒక ఎత్తు. ఆ తప్పుకి కారణం వెతకడంలో కూడా తప్పు చేసి, ఉన్న నమ్మకాన్ని కూల్చుకోవడం ఇంకో ఎత్తు. రాత్రి లెక్క వద్దన్న నిబంధన అప్పటిదాకా అతనికి నా చాదస్తంలా అనిపించేదట.

ఐగెన్ వాల్యూ, నాలుగోసారి

అయిదు, ఆరు వారాలు ఈ కేసులో నాకు బాగా నచ్చినవి. గ్రేడియంట్ వచ్చింది కాబట్టి ఇక వెయిట్లని దానికి ఎదురు దిశలో కదపాలి. గ్రేడియంట్‌ని ఎంతతో గుణించి కదపాలో చెప్పేది స్టెప్ సైజు. స్టెప్ సైజు 0.1తో ఒక్క అడుగు వేస్తే లాస్ 2 నుంచి 0.08కి పడింది. ఎగిరి గంతేశాడు. ఇంకా వేగంగా పోదామని 0.3 పెట్టాడు. 2 కాస్తా 10.59 అయింది, ఇంకో అడుగు వేస్తే ఇంకా పెరిగింది. మధ్యలో ఎక్కడో హద్దు ఉందని అర్థమై ఒక్కొక్క విలువా వేసి చూసుకుంటూ పోయాడు. 0.18 దగ్గర దడదడలాడుతూనే కిందికి దిగుతోంది. 0.19 దగ్గర పేలిపోతోంది. "ఈ 0.18 ఎక్కడిదక్కా?" అని అడిగాడు.

అప్పుడు చెప్పాను, `(2/3)XᵀX` అనే రెండు బై రెండు మ్యాట్రిక్స్ కట్టి దాని ఐగెన్ వాల్యూలు చేత్తో తీయమని. శనివారం రెండు గంటలూ దానికే సరిపోయాయి. 11.09, 0.24 వచ్చాయి. సరైన జవాబు నుంచి మనం ఎంత దూరంలో ఉన్నామో ఆ దూరాన్ని రెండు దిక్కులుగా విడదీస్తే, ఒక్కో అడుగుకీ ఒక్కో దిక్కు దూరం `1 − స్టెప్ × ఐగెన్ వాల్యూ` రెట్లవుతుంది. 0.3 వేస్తే మొదటి దిక్కులో −2.33 రెట్లు: అవతలి వైపుకి దూకి, రెట్టింపు కంటే దూరంగా పడుతుంది. పేలకుండా ఉండాలంటే స్టెప్ 2/11.09 కంటే తక్కువ ఉండాలి, అంటే 0.18 చిల్లర. తాను వెతికి పట్టుకున్న హద్దు కాగితం మీద వచ్చేసరికి అతను ఫోన్ చేశాడు. శనివారం ఉదయం తొమ్మిదింటికి ఫోన్ చేసి ఐగెన్ వాల్యూల గురించి మాట్లాడే మనిషికి బర్నౌట్ ఉందనుకోను.

రెండో ఐగెన్ వాల్యూ కూడా వదల్లేదు. 0.24 దిక్కులో 0.1 స్టెప్‌కి దూరం 0.976 రెట్లే అవుతుంది, అంటే అడుగుకి దాదాపు రెండున్నర శాతమే తగ్గుతుంది. మొదటి అడుగుకే 0.08కి వచ్చిన లాస్ తర్వాత కనిష్ఠమైన 0.0556 దాకా పాకుతూ ఎందుకు పోయిందో అది చెబుతుంది. x విలువల్లోంచి సగటు 2 తీసేసి −1, 0, 1 చేసి చూడమన్నాను. ఐగెన్ వాల్యూలు 2, 1.33 అయ్యాయి. స్టెప్ 0.6 పెడితే రెండు దిక్కుల్లోనూ దూరం ప్రతి అడుగుకీ అయిదో వంతుకి పడుతుంది. డేటాని సగటు తీసి స్కేల్ చేయమని ప్రతి పాఠంలోనూ చెప్తారు, లైబ్రరీలో ఒక లైను రాస్తే అయిపోతుంది. ఆ లైను అతను మూడేళ్లుగా రాస్తున్నాడు.

ఎనిమిది, తొమ్మిది వారాల్లో, అవునా కాదా అన్నదానికి సంభావ్యత అంచనా వేసే లాజిస్టిక్ రిగ్రెషన్ చేశాడు. దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఆ సంభావ్యత p ని ఇచ్చే సిగ్మాయిడ్ డెరివేటివ్‌లోని `p(1 − p)` చివరిదాకా మిగులుతుందని ఎదురుచూశాడు, లాగ్ డెరివేటివ్‌తో అది కొట్టుకుపోయి మళ్లీ `Xᵀ(p − y)/n` రూపమే వచ్చింది. అస్థిపంజరం తెలిసినదే కాబట్టి రెండు పూటల్లో తేలిపోయింది.

పదో వారం

మళ్లీ చెడింది. ఆఫీసులో ఒక పెద్ద రిలీజ్ మీద పడింది, సాయంత్రాలు మీటింగులు. బద్ధకం కాలమ్‌లో సోమవారం 3, బుధవారం 3. నిబంధన ప్రకారం శుక్రవారం సెలవు. శనివారం మళ్లీ 3. ఆ మరుసటి వారమంతా చదువు ఆపేశాం, మొదటిసారి లాగే బాగవుతుందన్న ధీమా నాకుంది.

బాగవలేదు. వారం చివర కూడా నాలుగింటికి మెలకువే. లెక్కల ఊసు లేదు, అయినా ఆదివారం సాయంత్రం టెన్షన్ అలాగే ఉంది. ఇంకా పాడు లక్షణం ఒకటి కొత్తగా కనబడింది: తన టీమ్ గురించి వెటకారంగా మాట్లాడటం. అంతకు ముందు అతని నోట అలాంటి మాట వినలేదు. ఇక్కడ అర్థమైంది, ఈసారి మూలం చదువు కాదు. మొదటిసారి చదువు తీసేస్తే భారం దిగింది. రెండోసారి తీసేసినా దిగలేదు. అలాంటప్పుడు షెడ్యూల్ ఎంత సవరించినా వృథా, ఉదయం 50 నిమిషాలని 30 చేసినా ఒరిగేదేం లేదు.

మేనేజర్‌తో మాట్లాడమన్నాను. ఇష్టపడలేదు, "చదువుకోవడానికి టైమ్ అడుగుతున్నానని అనుకుంటారు" అన్నాడు. చదువు సంగతే ఎత్తొద్దన్నాను. రిలీజ్ మధ్యలో పన్నెండో వారం ఆన్‌కాల్ కూడా ఉంది, అది మార్చమని అడగమన్నాను. అడిగాడు, ఇంకొకరితో మార్చారు. రిలీజ్ అయిపోయిన పది రోజులకి నిద్ర సరిపడింది. మేనేజర్ ఒప్పుకోకపోతే ఏం చేసేవాళ్లమో నా దగ్గర జవాబు లేదు. నిద్ర పట్టక, వెటకారం పెరిగి, ఆపినా తగ్గకుండా ఇంకో రెండు వారాలు సాగి ఉంటే డాక్టర్ దగ్గరికి పంపేదాన్ని. అది నాలాంటివాళ్లు షీట్‌తో సరిచేసేది కాదు.

ఇది ఒక్కరి కేసు. అతనికి ఉదయాలు ఖాళీ, అందుకని ఉదయం పెట్టాం. చిన్నపిల్లలున్న ఇంట్లో ఉదయం ఏడింటికి ఖాళీ ఎవరికుంటుంది? వాళ్లకి మధ్యాహ్నం భోజనం ముందు అరగంట కుదరొచ్చు. షిఫ్టులు మారే ఉద్యోగమైతే ఇదంతా మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి. బద్ధకానికి వేసుకునే మార్కు మాత్రం ఎవరికైనా పనికొస్తుందని నా అనుమానం. ఎందుకంటే గంటలు మనకి అబద్ధం చెప్పినంత తేలిగ్గా అది చెప్పలేదు.

కొత్త ప్లాన్ పన్నెండు వారాల్లో చదివింది సుమారు 38 గంటలు, మొదటి ఆరు వారాల్లో చదివిన 65తో పోలిస్తే సగం కంటే కాస్త ఎక్కువ. చివరి శనివారం మళ్లీ తెల్ల కాగితం ఇచ్చాను. లీనియర్, లాజిస్టిక్, రెండు గ్రేడియంట్లూ పక్కన సైజులతో సహా రాశాడు. స్టెప్ సైజు హద్దుని కూడా, అడక్కుండానే, కింద రాశాడు. నలభై నిమిషాలు పట్టింది, మధ్యలో ఒక మైనస్ పోగొట్టుకుని వెతుక్కున్నాడు.

కాగితం ఇచ్చేస్తూ, "అసలు ఎర్రర్‌ని స్క్వేరే ఎందుకు చేస్తాం అక్కా? నాలుగో ఘాతం ఎందుకు చేయం?" అని అడిగాడు. నేను చెప్పబోయేంతలో వద్దని చెయ్యి అడ్డం పెట్టి, ఆ కాగితం అడుగునే రాసుకున్నాడు: "తర్వాతి గీత: ఎర్రర్ గాసియన్ అనుకో, డెన్సిటీ సూత్రం రాసి లాగ్ తీయి. సోమవారం."